హాల్‌టికెట్ ఫొటోలో ఉన్నది ఉన్నట్టుగా

నీట్ పరీక్ష 2023లో మే 7న, 2024లో మే 5న, 2025లో మే 4న జరిగింది. మూడూ ఆదివారాలే. హాల్‌టికెట్లు మాత్రం మూడేళ్లూ పరీక్షకు మూడు నాలుగు రోజుల ముందే వెబ్‌సైట్‌లోకి వచ్చాయి. ఆ కొద్ది రోజుల్లోనే పిల్లలు దాన్ని డౌన్‌లోడ్ చేసుకోవాలి, ప్రింటు తీయించుకోవాలి, సెంటర్ ఎక్కడో కనుక్కోవాలి, ఎవరు తీసుకెళ్తారో ఇంట్లో తేల్చుకోవాలి. అమ్మాయి హాస్టల్లో ఉంటుంది, నాన్న ఊళ్లో ఉంటాడు, సెంటర్‌కు దింపాల్సిన మేనమామ ఇంకో ఊళ్లో ఉంటాడు. కాబట్టి ఇంటర్నెట్ సెంటర్లో తీసిన ప్రింటును ఎవరో ఫోన్‌తో ఫొటో తీస్తారు. అది వాట్సాప్‌లో చేతులు మారుతూ వెళ్తుంది. చివరికి ఇంగ్లిష్ చదవడం వచ్చిన బంధువుకో, ఊరి టీచరుకో చేరి, ‘ఇందులో ఏముందో కాస్త టైపు చేసి పంపండి’ అనే మాట దగ్గర ఆగుతుంది.

ఈ వ్యాసం ఆ టైపు చేసే మనిషి పని గురించి. ఫొటోలోని అక్షరాలను ఎత్తి రాయడంలో కష్టమేముంది అనిపిస్తుంది. కానీ ఈ కాగితం మీద ఒక్క అంకె మారితే అమ్మాయి వేరే బడి గేటు ముందు నిలబడుతుంది. ఒక్క ‘కాదు’ జారిపోతే బూట్లు వేసుకుని వెళ్తుంది. చూపు లేని తండ్రి అయితే ఫోన్ చదివి వినిపించే మాటల మీదే ఆధారపడతాడు. ఆ ఫోన్ టైపు చేసిన అక్షరాలను చదువుతుంది గానీ, ఫొటోను ఫొటోగా వదిలేస్తే ఆయనకు నమ్మకంగా ఏమీ చెప్పలేదు. మనం రాసి పంపిందే ఆయనకు హాల్‌టికెట్.

అన్నిటికంటే ముందు అడగాల్సింది, అసలు పీడీఎఫ్ ఉందా అని. వెబ్‌సైట్ నుంచి దిగిన ఫైలే దొరికితే అందులోని అక్షరాలను నేరుగా కాపీ చేసుకోవచ్చు, తప్పు చదివే అవకాశం చాలావరకు పోతుంది. చాలా ఇళ్లలో ఆ ఫైలు ఇంటర్నెట్ సెంటర్ కంప్యూటర్లోనే ఉండిపోతుంది. అప్పుడు ఫొటోనే మళ్లీ తీసి పంపమనాలి. కాగితాన్ని బల్ల మీద పరిచి, మడతను చేత్తో నొక్కి, ఫోన్ నీడ పడకుండా పగటి వెలుతురులో, ఒక్కో పేజీని విడిగా తీయాలి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే సైజు తగ్గిపోయి చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి. అదే ఫొటోను ‘డాక్యుమెంట్’గా పంపితే తీసింది తీసినట్టే చేరుతుంది. సూచనల పేజీని చదవగలమా లేదా అన్నది చాలాసార్లు ఈ ఒక్కదాని మీదే ఆధారపడుతుంది.

ఒక కార్డును ఊహించుకుని పని మొదలుపెడదాం. ఇది ఏ అభ్యర్థిదీ కాదు, వివరాలన్నీ కల్పించుకున్నవే. కానీ పెట్టెలు, వరసలు నీట్ కార్డులో ఉండేవే. అమ్మాయిది తాండూరు దగ్గర పల్లె. సెంటర్ హైదరాబాద్‌లో పడింది. నలుపు తెలుపు ప్రింటు, మధ్యలో అడ్డంగా ఒక మడత. ఫొటో ఒక్కటే వచ్చింది, అదీ మొదటి పేజీది. నీట్ కార్డుకు ఒక్క పేజీ కాదు. మొదటి పేజీలో అభ్యర్థి, సెంటర్ వివరాలు, హామీ పత్రం ఉంటాయి. పోస్టుకార్డు సైజు ఫొటో అంటించడానికి వేరే పేజీ, సూచనలకు వేరే పేజీ ఉంటాయి. కాబట్టి రాసి పంపేదాని పైన మొట్టమొదటి వాక్యంగా ‘నాకు అందింది మొదటి పేజీ మాత్రమే’ అని ఉండాలి. ఆ వాక్యం లేకపోతే, ఇంట్లోవాళ్లు హాల్‌టికెట్‌లో ఉన్నదంతా ఇంతే అనుకుంటారు.

ఇక అభ్యర్థి వివరాలు. అప్లికేషన్ నంబరు 12 అంకెలు, రోల్ నంబరు 10 అంకెలు. టైపు చేశాక అంకెలు లెక్కపెట్టుకోవాలి. ఒకటి తగ్గినా పెరిగినా అక్కడే దొరికిపోతుంది. లెక్క సరిపోయినా 3ను 8గా, 1ని 7గా, 5ను 6గా చదివి ఉండొచ్చు. దానికి నమ్మకమైన పద్ధతి, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టి మనం టైపు చేసినదాన్ని రెండేసి అంకెలుగా పైకి చదవడం, వాళ్లు ఫొటోలో చూసి సరిచూడడం. మన కళ్లతో మనమే రెండోసారి చూస్తే, మొదటిసారి ఏం చదివామో అదే మళ్లీ కనిపిస్తుంది. తోడు ఎవరూ లేకపోతే చివరి అంకె నుంచి వెనక్కి చదువుతూ పోవాలి.

పేరు దగ్గర మన వాళ్లంతా జారే చోటు ఒకటుంది. కార్డు మీద LAXMI అని ఉంటే LAKSHMI అని కొట్టేస్తాం. ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటే, మనకు తెలిసిన ఇంటిపేరును పూర్తిగా రాసేస్తాం. తండ్రి పేరులో ఒక అక్షరం తగ్గి ఉంటే ‘అచ్చు తప్పు’ అనుకుని సరిదిద్దుతాం. ప్రేమతో చేసే పనే, కానీ దాని వల్ల జరిగేది ఏమిటంటే, కార్డులో తప్పుందన్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియకుండా పోతుంది. ఆ తప్పు అలాగే కనబడి ఉంటే వాళ్లు ఆధార్‌తో, పదో తరగతి మెమోతో పోల్చుకునేవారు, కార్డు మీద ఇచ్చిన హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసేవారు. అందుకే పేరును కార్డులో ఏ అక్షరాలతో ఉంటే ఆ ఇంగ్లిష్ అక్షరాలతోనే, పెద్దవి పెద్దవిగా, పొడి అక్షరం పొడి అక్షరంగానే దించాలి. అనుమానం ఉంటే కింద విడిగా ‘కార్డులో ఇలాగే ఉంది, సరిచూసుకోండి’ అని రాయాలి. తెలుగులో ఎలా పలుకుతారో చెప్పాలనిపిస్తే అదీ కిందే. పై వరస మాత్రం కార్డుదే.

ప్రశ్నపత్రం ఏ భాషలో అన్న వరసను చాలామంది వదిలేస్తారు. వదలకూడదు. నీట్‌ను 13 భాషల్లో రాయొచ్చు. తెలుగు ఎంచుకున్నవాళ్లకు తెలుగు, ఇంగ్లిష్ రెండూ ఉన్న పుస్తకం వస్తుంది, వాళ్ల సెంటర్ ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ఉంటుంది. తెలుగు పెట్టుకున్నానని అనుకుంటున్న అమ్మాయి కార్డులో ఇంగ్లిష్ అని ఉంటే, అది పరీక్ష హాల్లో కాక ఇంట్లోనే తెలియాలి.

మన కార్డులో అసలు చిక్కు సెంటర్ దగ్గర వచ్చింది. మడత సరిగ్గా ఆ వరస మీదుగా పోయింది. ‘కేంద్రీయ విద్యాలయ నం.’ దాకా కనబడుతోంది, తర్వాత ఒక తెల్లటి గీత, ఆ తర్వాత ‘గోల్కొండ’. నంబరు మడతలో పోయింది. టైపు చేస్తున్నది అమ్మాయికి పెదనాన్న కొడుకు. ఆమె తండ్రికి ఫోన్ చేశాడు.

“గోల్కొండ కేవీ అంటే ఎవరన్నా చెప్తరు గద బిడ్డా, గట్లనే రాయి.”

“అక్కడ రెండున్నయి చిన్నాన్నా. ఒకటో నంబరా, రెండో నంబరా తెలవాలె. మడత సాఫుచేసి మళ్లొక్క ఫొటో పంపు.”

అతను చెప్పింది నిజం. గోల్కొండలో కేంద్రీయ విద్యాలయ నంబర్ 1, నంబర్ 2 రెండూ ఉన్నాయి. ఉప్పల్‌లోనూ అంతే. ఇలాంటప్పుడు చేయి తనంతట తాను ‘1’ కొట్టేస్తుంది, ఎందుకంటే అదే ఎక్కువగా విన్న పేరు. రెండో ఫొటో వచ్చేదాకా ఆ చోట రాయాల్సింది ఒక్కటే, బ్రాకెట్లో ‘మడత, నంబరు కనబడలేదు’ అని. కొందరు ఇక్కడ తెలివిగా ఫోన్‌లో మ్యాప్ తెరిచి, మొదట వచ్చిన బడి లొకేషన్‌ను జతచేసి పంపుతారు. అది ఇంకా ప్రమాదం. అనుమానంగా ఉన్న అంకె కాస్తా నీలిరంగు గుర్తుగా మారి, దాన్ని చూసినవాళ్లకు ఇక అనుమానమే రాదు. లొకేషన్ పంపడం మంచిదే, కానీ నంబరు తేలాక, కార్డులోని చిరునామాతో పోల్చి, ‘ఇది నేను వెతికింది’ అని చెప్పి పంపాలి. ఫొటో మళ్లీ వచ్చినప్పుడు మడత కింద ఉన్న అంకె 2.

చిరునామాను సరిచూసుకోవడానికి పిన్‌కోడ్ బాగా పనికొస్తుంది. దానికి 6 అంకెలు. హైదరాబాద్ పిన్‌లు 500తో మొదలవుతాయి, విశాఖపట్నం పిన్‌లు 530తో. మసక ఫొటోలో 530ని 580గా చదివామనుకోండి, అది కర్ణాటకలో హుబ్బళ్లి, ధారవాడ వైపు వెళ్లిపోతుంది. పైన ఊరు విశాఖ అని ఉండి కింద 580 వచ్చిందంటే చదవడంలోనే ఎక్కడో తేడా ఉంది, ఆ అంకెను పెద్దది చేసి మళ్లీ చూడాలి. అలాగని పిన్‌ను ఊరి పేరు చూసి మనమే పూరించకూడదు. పిన్ అనుమానం చెబుతుంది, జవాబు మాత్రం ఫొటోలోనే వెతకాలి. ఒకే పిన్ ఉన్న రెండు బళ్ల మధ్య తేడా చెప్పడం పిన్ వల్ల ఎలాగూ కాదు. అక్కడ టెస్ట్ సెంటర్ నంబరే దిక్కు. అందుకే బడి పేరు స్పష్టంగా కనబడుతున్నా సెంటర్ నంబరును వదిలేయకూడదు.

సమయాల సంగతికి వస్తే, ఈ కార్డులో ‘టైమ్’ ఒకటి కాదు. రిపోర్టింగ్ సమయం ఒకటి, గేటు మూసే సమయం ఒకటి, పరీక్ష సమయం ఇంకొకటి. 2025 నీట్‌లో పరీక్ష మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు, గేటు మూసింది 1.30కి. ‘పరీక్ష రెండింటికి’ అని ఒక్క మాట పంపిస్తే, విన్న మేనమామ మెహిదీపట్నం ట్రాఫిక్‌ను లెక్కేసుకుని 1.45కు చేరేలా బయల్దేరతాడు. ఆయన లెక్క సరైనదే, ఆయనకు అందిన సమయమే సగం. అందుకే మూడు సమయాలనూ వాటి పేర్లతో, మూడు వేర్వేరు వరసలుగా, ఏఎం పీఎంలతో సహా రాయాలి. వీటికి సహజంగానే ఒక క్రమం ఉంది. రిపోర్టింగ్ ముందు, గేటు మూత తర్వాత, పరీక్ష చివర. మన ఫొటోలో రిపోర్టింగ్ ‘1:30 ఏఎం’ అని కనబడింది. అర్ధరాత్రి ఒకటిన్నరకు ఎవరూ రమ్మనరు. పెద్దది చేసి చూస్తే ముందున్న ‘1’ పట్టికలోని నిలువు గీతలో కలిసిపోయింది, అది 11:30. క్రమం తప్పిందని గమనించకపోతే, ‘ఏఎం’నే తప్పనుకుని ‘పీఎం’గా దిద్ది, గేటు మూసే సమయాన్నే రిపోర్టింగ్ సమయంగా పంపేవాళ్లం.

పోయినేడు అక్క రాసింది కదా అని జ్ఞాపకం నుంచి సమయాలు నింపడం ఇంకో ఆపద. 2024 నీట్ 2 గంటల నుంచి 5.20 వరకు జరిగింది. 200 ప్రశ్నల్లో 180 రాయాలి, 3 గంటల 20 నిమిషాలు. మరుసటి ఏడాది ప్రశ్నలే 180 అయ్యాయి, సమయం 3 గంటలకు తగ్గింది. వైకల్య ధ్రువీకరణతో అదనపు సమయం పొందినవాళ్లకు ముగింపు వేళ మిగతావాళ్లతో కలవదు. కాబట్టి పక్క విద్యార్థి కార్డు నుంచి కూడా సమయం ఎత్తి రాయకూడదు.

తేదీకి తోడుగా వారం పేరు కూడా అచ్చులో ఉంటే రెంటినీ రాసి, క్యాలెండరుతో సరిచూడాలి. 04-05-2025ను మే 4గా చదవాలా, ఏప్రిల్ 5గానా అని తికమకపడేవాళ్లు ఉన్నారు, ముఖ్యంగా అమెరికాలో ఉండే బంధువులు. అచ్చులో ఉన్నట్టే అంకెలు రాసి, కింద ‘మే 4, ఆదివారం’ అని మాటల్లో చెబితే సరిపోతుంది. అలాగే సమయం పక్కన భారత కాలమానం అన్న గుర్తు ఉంటే దాన్ని కొట్టేయకూడదు. 2021లో తొలిసారి కువైట్‌లో కూడా నీట్ సెంటర్ పెట్టారు. భారత కాలమానంలో మధ్యాహ్నం 2 అంటే అక్కడ ఉదయం 11.30. కువైట్‌లో ఉన్న బంధువు కోసం ఆ లెక్క కట్టి ఇవ్వాలంటే ఇవ్వొచ్చు, కానీ కార్డులోని వరసను మార్చి కాదు, దాని కింద.

ఇక అందరూ దాటేసే పేజీ, సూచనలది. అక్షరాలు చిన్నవి, వాక్యాలు పొడవైనవి, అందుకే ‘మామూలు రూల్సే’ అని ఒక వాక్యంలో తేల్చేస్తారు. నా మాటైతే, సమయం చాలకపోతే మొదటి పేజీలోని అలంకారాలన్నీ వదిలేసైనా ఈ పేజీని పూర్తిగా దించాలి. ఎందుకంటే పేరు, నంబరు అమ్మాయికి ముందే తెలుసు. సూచనల్లో ఉన్నవి ఎవరికీ ముందుగా తెలియవు. నీట్‌లో పూర్తి చేతుల చొక్కాలు, బూట్లు కుదరవు, తక్కువ మడమ ఉన్న చెప్పులు వేసుకోవచ్చు. ఆచారరీత్యా ప్రత్యేక దుస్తులు వేసుకునేవారు తనిఖీ కోసం ముందుగా రావాలి. పారదర్శకంగా ఉండే నీళ్ల సీసా తెచ్చుకోవచ్చు. ఈ వాక్యాల్లో ప్రతిదానికీ ఒక ‘తప్ప’, ‘అయితే’, ‘కాకుండా’ ఉంటుంది. కుదించి చెప్పేటప్పుడు మొదట రాలిపోయేవి అవే. ‘ముందుగా వస్తే అనుమతిస్తారు’ అన్నది ‘అనుమతిస్తారు’గా మిగిలిపోతుంది. ‘పారదర్శకమైన సీసా’ కాస్తా ‘సీసా’ అవుతుంది, ఇంట్లోవాళ్లు స్టీలు సీసా నింపి ఇస్తారు.

నేను మంచిదనుకునే పద్ధతి ఇది. ఒక్కో సూచననూ దాని నంబరుతో ఇంగ్లిష్‌లో ఉన్నది ఉన్నట్టు దించాలి. ఒక నంబరు చదవలేకపోతే దాన్ని దాటేసి తర్వాతిదానికి ఆ నంబరు ఇవ్వకూడదు, ఆ నంబరు పెట్టి ‘చదవడానికి వీల్లేదు’ అని రాయాలి. 7 తర్వాత 9 వస్తే ఏదో లోపించిందని చదివేవారికి తెలుస్తుంది. ఆ తర్వాత ప్రతి సూచన కిందా తెలుగులో అర్థం చెప్పాలి, అది మన మాట అని తెలిసేలా. తెలుగు చేశాక ఇంగ్లిష్ వాక్యంలోని ప్రతి నిషేధపు మాటకూ తెలుగులో జోడు ఉందో లేదో వెతుక్కోవాలి. నాలుగు సూచనలకు ఇలా చేసి చూస్తే ఎక్కడో ఒకచోట ఒక షరతు తప్పిపోయినట్టు తప్పక దొరుకుతుంది.

ఖాళీ పెట్టెల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. హాల్‌టికెట్‌లో కొన్ని చోట్లను కావాలనే ఖాళీగా ఉంచుతారు. నీట్ కార్డు మీద పాస్‌పోర్టు సైజు ఫొటో, ఎడమ బొటనవేలి ముద్ర ఇంటి దగ్గరే వేసుకుని రావాలి. సంతకం మాత్రం ఇన్విజిలేటర్ ఎదుటే చేయాలి. పోస్టుకార్డు సైజు ఫొటోను దానికి కేటాయించిన పేజీలో అంటించాలి. దరఖాస్తులో ఏ ఫొటో పెట్టారో అదే అయివుండాలి. కాబట్టి మన నకలులో ‘సంతకం: ఖాళీగా ఉంది’ అని రాయడానికీ, ‘సంతకం: మసకగా ఉంది, తెలియడం లేదు’ అని రాయడానికీ చాలా తేడా ఉంది. మొదటిదైతే పెట్టె ఉండాల్సినట్టే ఉంది. రెండోదైతే అమ్మాయి తొందరపడి ముందే సంతకం పెట్టేసిందేమో అడిగి తెలుసుకోవాలి. పెన్నుతో చేసిన రాతలన్నిటికీ ‘చేతిరాత’ అని గుర్తు పెట్టాలి. మార్జిన్లో ఎవరో ‘10కి బస్సు’ అని రాసుకుని ఉంటే, అది అచ్చులోని సమయాల మధ్యకు వచ్చి చేరకూడదు. క్యూఆర్ కోడ్ ఉన్నచోట ‘క్యూఆర్ కోడ్ ఉంది’ అంటే చాలు.

ఫోన్ కెమెరాతోనే అక్షరాలను పట్టే సౌకర్యం ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంది. పొడవాటి సూచనల పేజీకి అది శ్రమ తగ్గిస్తుంది. కానీ మొదటి పేజీ పట్టిక రూపంలో ఉంటుంది, ఎడమవైపు శీర్షిక, కుడివైపు వివరం. ఫోన్ కొన్నిసార్లు ఎడమవైపు అన్నీ ఒక కట్టగా, కుడివైపు అన్నీ ఇంకో కట్టగా తీస్తుంది. అప్పుడు తల్లి పేరు తండ్రి వరసలోకి, గేటు సమయం రిపోర్టింగ్ వరసలోకి జరుగుతాయి. ఒక్కో పదమూ విడిగా సరిగ్గానే ఉండడం వల్ల ఈ తప్పు కంటికి ఆనదు. దాని నుంచి తెచ్చుకున్న మొదటి పేజీని, వరసకు వరస పెట్టి ఫొటోతో పోల్చాకే పంపాలి.

పూర్తయ్యాక ఎవరికి ఎంత పంపాలన్నది మిగులుతుంది. దింపడానికి వెళ్లే మేనమామకు సెంటర్ చిరునామా, మూడు సమయాలు, తెచ్చుకోవాల్సినవి చాలు. అప్లికేషన్ నంబరు, పుట్టిన తేదీ ఆయనకు అక్కర్లేదు, కుటుంబం మొత్తం ఉన్న వాట్సాప్ గ్రూపులోకి అసలే వెళ్లకూడదు. చాలా పరీక్షల వెబ్‌సైట్లలో ఆ రెండు వివరాలతోనే ఫలితాలు తెరుచుకుంటాయి. పూర్తి నకలు అమ్మాయికి, అమ్మానాన్నలకు మాత్రమే పంపి, మన ఫోన్లో ఉన్న ఫొటోను తీసేయాలి.

టైపు చేసినది గేటు దగ్గర చూపించడానికి పనికిరాదన్న మాటను కూడా నకలు పైనే రాసి పెట్టాలి. చూపించాల్సింది ఫొటో అంటించిన అసలు ప్రింటునూ, అసలు గుర్తింపు కార్డునూ. పరీక్ష అయిపోయినా హాల్‌టికెట్‌తో పని అయిపోదు. ఎంబీబీఎస్ సీటు కోసం కౌన్సెలింగ్‌కు పోయినప్పుడు ర్యాంకు కార్డుతో పాటు నీట్ అడ్మిట్ కార్డును కూడా అడుగుతారు. కాబట్టి మడత పడ్డ ఆ ప్రింటును పారేయకుండా, పీడీఎఫ్‌ను కూడా వెబ్‌సైట్లో ఉండగానే మరోసారి దించుకుని దాచుకోమని చెప్పి ఆ ఫోన్ పెట్టేయాలి.